మా ఊరి గడియారానికి నల్లముల్లు

పోర్త్‌వీన్ రేవులో పుట్టాను, పోర్త్‌వీన్ రేవులోనే పోతాను. ముప్ఫై ఏళ్ళకు పైగా యూనిటీ పడవకు సరంగుగా చేశాను. నా చేతికింద పనిచేసినవాడు ఒక్కడు కూడా సముద్రం పాలు కాలేదు. రేవుకట్ట పడమటి కొసన ఉన్న పెద్దరాళ్ళు నా హయాంలో పడ్డవే. స్టేషనుకు బండ్లబాట వేయించిందీ నేనే. ప్రార్థనకు కూడే చాపెల్ గోడమీద చందాలిచ్చినవాళ్ళ పేర్లలో నాది పైనుంచి మూడోది. నేను చదివింది ఊరి బళ్ళో నాలుగు చలికాలాలే అయినా, ఈ కౌంటీలో ఏ సరంగుతోనైనా కూర్చుని మాట్లాడగలను.

ఇన్ని చేసినవాణ్ణి కదా, ఈ ఊళ్ళో ముందుగా ఎవరి పేరు చెప్పాలని నన్నడిగితే మా అక్క పేరే చెబుతాను. థామసిన్ నాన్‌కెర్విస్. ఆమె పేరు ఏ గోడమీదా లేదు. అందుకని ఇది రాస్తున్నాను.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. మేము గుడి అనే పెద్ద చర్చి గోపురంలో గడియారం చూసుకునే నాన్‌కెర్విస్ వాళ్ళింటి కోడలైంది. ఆ పని వాళ్ళ ఇంటిది. మామగారి తర్వాత మొగుడు, మొగుడు గుండె నొప్పితో గోపురం మెట్లమీదే పోయాక ఆమె. ఆడమనిషి గోపురం ఎక్కడమేమిటని గుడి పెద్దలు మొదట్లో గొణిగారు. మరొకడు ఆ జీతానికి దొరకక ఊరుకున్నారు. రోజూ ఎక్కి, ఆ పెద్ద రాతిగుండ్లను చక్రం తిప్పి పైకి లాగేది. ఆమె ముంజేతులు నా పడవలో తెడ్డు వేసేవాళ్ళ ముంజేతుల్లా ఉండేవి.

గోపురం దక్షిణపు గోడలో వేలెడంత కన్నం ఉంది. కింద నేలమీద ఇత్తడి గీత. ఆమె మామగారు పరిచినది. ఎండ ఆ కన్నంలోంచి చిన్న బిళ్ళలా పడి, నేలమీద పాక్కుంటూ వచ్చి, గీతను తాకిందంటే మా ఊరికి సూర్యుడు నడినెత్తికి వచ్చినట్టు. అయితే గడియారాన్ని దానితో ఉన్నపళంగా కలపకూడదు. సూర్యుడి నడక ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు. నవంబరు మొదట్లో బిళ్ళ గీతను తాకే వేళకు గడియారంలో పన్నెండుకు ఇంకా పదహారు నిమిషాలుండాలి. ఫిబ్రవరిలో పన్నెండు దాటి పద్నాలుగు నిమిషాలు కావాలి. రెండూ ఒక్కటిగా ఉండేది ఏడాదికి నాలుగు రోజులే. మిగతా రోజులు పంచాంగం చూసి, కూడో తీసో, గడియారం దిద్దాలి. అక్క అది గుడ్డిగా చేసేది కాదు. “సూర్యుడు ఒకప్పుడు తొందరపడతాడు, ఒకప్పుడు నింపాదిగా నడుస్తాడు తమ్ముడూ. గడియారం ఆయన ఏడాది సగటు. అంతే” అనేది. పాతికేళ్ళు ఆమె గంటను ఊళ్ళో ఒక్కరు కూడా శంకించలేదు. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. వంతు ఆ గంటమీదే మారేది.

వంతు సంగతి చెప్పాలి. మా తీరంలో పిల్చర్డ్ చేపలు ఆగస్టు, సెప్టెంబరుల్లో కొండచరియ కిందికి గుంపులుగా వస్తాయి. నీళ్ళు ఊదారంగు తిరుగుతాయి. కొండమీద కావలివాడు అది కనిపెట్టి “హెవ్వా! హెవ్వా!” అని బూరలో అరిచి, రెండు చేతుల్లో ముళ్ళకంప పట్టుకుని ఊపుతూ పడవకు దారి చూపిస్తాడు. పడవ గుంపు చుట్టూ తిరిగి అలివి వల దింపుతుంది. అది దింపడానికి తగిన నిలకడ నీళ్ళు ఈ తీరపు ఒంపులో, మా బేలో, ఒకే చోట ఉన్నాయి. పడవల జట్లు రెండు. మా యూనిటీ, అవతల హెండర్ జెల్బర్ట్ సరంగుగా ఉన్న ప్రావిడెన్స్. అందుకని ఆ నీళ్ళు ఒకరోజు మాకు, ఒకరోజు వాళ్ళకు. మధ్యాహ్నం గంట పన్నెండు కొట్టగానే ఉన్న పడవ తప్పుకోవాలి, వచ్చే పడవ నిలబడాలి. తాతల నాటి కట్టు. గంట మోగాక వల దింపినవాడు ఎవడూ లేడు.

ఇక రైలు సంగతి.

టేమార్ నదిమీద రైలు వంతెన లేచాక లండన్ మాకు ఒక్కరోజు దూరమైంది. ఊరికి మూడు మైళ్ళ ఎగువన స్టేషను. వసంతంలో పట్టే కానాగంత చేపలను తడిగడ్డిలో బుట్టలకెత్తి, బండిమీద తోలి, పొద్దున్న రైలుకు ఎక్కిస్తే మర్నాడు లండన్ సంతలో ఉంటాయి. అయితే స్టేషను గడియారం వేరు, మాది వేరు. సూర్యుడు తూర్పునుంచి వస్తాడు కదా, లండన్ నడినెత్తికి ముందు చేరతాడు. పది నిమిషాలకు బ్రిస్టల్, పదహారున్నరకు ప్లిమత్, ఇరవైరెండుకు మేము. ఏ ఊరి పన్నెండు ఆ ఊరిది. గుర్రపు బండ్ల కాలంలో దాంతో ఎవరికీ ఇబ్బంది లేదు. తపాలా బండి గార్డు తన గడియారాన్ని పడమటికి వచ్చేటప్పుడు కొంచెం నెమ్మదిగా నడిచేటట్టు పెట్టించుకునేవాడు, అంతే. రైలుకు అది కుదరదు. మా వైపు పట్టాలు ఒకే వరస. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఏ స్టేషనులో ఒకదానికొకటి దారి ఇవ్వాలో టైము చూసి తేల్చాలి. ఆ స్టేషనుకో టైము, ఈ స్టేషనుకో టైము అయితే మధ్యదారిలో గుద్దుకుంటాయి. అందుకని రైలువాళ్ళు అన్నిచోట్లా లండన్ టైమే పెట్టారు. మొదట్లో గార్డు లండన్‌లో కలిపిన గడియారం జేబులో వేసుకుని వచ్చి స్టేషన్లకు టైము చెప్పేవాడు. తర్వాత తంతి తీగ వచ్చింది. రోజూ పొద్దున్న పదింటికి ముందు తంతివాళ్ళు కబుర్లన్నీ ఆపేసి తీగను ఖాళీగా ఉంచుతారు. గ్రీనిచ్ నక్షత్రశాల గడియారం పది కొట్టేసరికి దేశమంతటా స్టేషన్ల తంతి పెట్టెల్లో సూదులు ఒక్కసారే పక్కకు కొట్టుకుంటాయి. గార్డు జేబులో ఒక రోజు పట్టిన ప్రయాణం రెప్పపాటులో అయిపోతుంది.

మా బండ్లు మాత్రం మా గంట చూసి బయల్దేరేవి. ఇరవైరెండు నిమిషాలు కూడాలి అని అందరికీ తెలుసు. కొందరు తీసేసేవాళ్ళు. ఆ వసంతంలో నాలుగుసార్లు మా చేపలు ప్లాట్‌ఫారంమీద ఎండలో ఉండిపోయాయి. నాలుగోసారి వాటిని నేనే పొలాలకు ఎరువుగా తోలించాను.

ఈస్టరు తర్వాత గుడి సభలో లేచి నిలబడ్డాను. గడియారాన్ని లండన్‌కు కలపండి అన్నాను. ఆ మాట ఈ ఊళ్ళో మొదట అన్నది నేనే. ఇవాళ్టికీ అది సరైన మాటే అంటాను.

హెండర్ జెల్బర్ట్ వెనక బెంచీ మీంచి లేచాడు. “బాగానే ఉంది సాంప్సన్. మరి మా కోళ్ళకు ఎవరు చెబుతారు? నువ్వేనా?”

“నీ కోళ్ళు లండన్ రైలు ఎక్కాలనుకుంటే చెబుతాలే” అన్నాను.

వలల పెద్ద మాడెర్న్ బొసాంకో కర్రమీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. రెండు జట్ల తగవులూ తీర్చేది ఆయనే. “అంటే నేను ఇరవైరెండు నిమిషాలు ముందుగా చస్తానన్నమాట” అన్నాడు.

“మావా, చస్తాను చస్తానని నువ్వు ఇరవై ఏళ్ళుగా అంటున్నావు. ఆ కాసింత ఎవరికీ లెక్కలోకి రాదులే” అని ఎవరో అనేసరికి సభంతా నవ్వింది. నవ్వాక చేతులెత్తింది. లండన్ టైము నెగ్గింది.

అక్కను పిలిచి, సెప్టెంబరు ఆఖరున మైఖేలు పండుగనాడు మార్చగలవా అని అడిగారు. ఆమె వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుంది.

“పండుగనాడు వద్దు. ఆ వేళకు సూర్యుడు గడియారానికి దాదాపు పది నిమిషాలు ముందుంటాడు. గడపమీద నీడ గీతలు గీసుకున్నవాళ్ళు చూసి, ఇరవైరెండు అన్నారు ఇదెక్కడి లెక్క అని గోలపెడతారు. సెప్టెంబరు ఒకటిన సూర్యుడూ గడియారమూ ఒక్కటిగా ఉంటాయి. ఆ రోజు మారిస్తే తేడా ఉన్నదున్నట్టు అందరి కంటికీ తెలుస్తుంది.”

అందరూ సరేనన్నారు. బేలో చేపలు దిగే రోజులవి అని గాని, వంతు గంటమీద మారుతుందని గాని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. నిండా జాలర్లున్న గది. రైలూ బండ్లూ కానాగంతలూ అనుకుంటూ కూర్చున్నాం. పిల్చర్డులు మరో కాలపువి, మరో పడవలవి. మా తలల్లో ఆ రెండూ వేరువేరు అరల్లో ఉండేవి.

సెప్టెంబరు ఒకటికి ముందురోజు అక్క పదింటి సూది చూడటానికి స్టేషనుకు నడిచి వెళ్ళింది. మొగుడి జేబు గడియారాన్ని సూది కొట్టుకున్న క్షణానికి కలిపి, గుడ్డలో చుట్టి రొమ్మున పెట్టుకుని తెచ్చింది. మర్నాడు పొద్దున్న ఎనిమిది కొట్టేదాకా ఆగింది. గోపుర గడియారం ముల్లును వెనక్కి తిప్పకూడదు, గంటల లెక్క చెడుతుంది. ముందుకు తిప్పినా, గంట దాటిస్తే అది కొట్టడం పూర్తయ్యేదాకా ఆగాలి. అందుకని ఎనిమిది దాటాక పెద్దముల్లును నెమ్మదిగా ఇరవైరెండు నిమిషాలు ముందుకు నెట్టింది. పని అయిపోయింది. కింద సందులో ఆడవాళ్ళు తలెత్తి చూశారు. “అయ్యో, నా రొట్టె మాడిందో!” అని ఒకావిడ పరుగెత్తింది. ఆ పొద్దు అందరం అలాంటి హాస్యాలే ఆడుకున్నాం.

ఆ మధ్యాహ్నం దాకా నీళ్ళు ప్రావిడెన్సువి. ముందురోజు మధ్యాహ్నం నుంచి వాళ్ళు నిలబడి ఉన్నారు. ఆ పడవ ముందుకొసన వల తాడు పట్టేవాడు మా అక్క ఒక్కగానొక్క కొడుకు జోరీ. మధ్యాహ్నం గంట పన్నెండు కొట్టింది. నేను మావాళ్ళతో “పట్టండి తెడ్లు” అన్నాను. ఎప్పుడూ అన్నట్టే అన్నాను.

మేము నీళ్ళలోకి వచ్చేసరికి హెండర్ కదల్లేదు.

“ఎక్కడికి బాబూ ఊరేగింపు?” అన్నాడు.

“గంట వినపడలేదా?”

“లండన్ గంట వినపడింది. మనది ఇంకా కొట్టలేదు. కొండబండ చూడు, సూర్యుడు దాని పక్కనే ఉన్నాడు. అది దాటి నడినెత్తికి వచ్చాక రా.”

“సభలో చేతులెత్తారు కదరా!”

“బండ్లకు ఎత్తాం. వలలకు ఎత్తలేదు.”

ఆ మాటకు జవాబు నా నోట్లో ఉండగానే కొండమీంచి కేక వచ్చింది. హెవ్వా! ఆ ఏడు మొదటి గుంపు. కావలివాడి రెండు కంపలూ పిచ్చిపట్టినట్టు ఊగుతున్నాయి. నీళ్ళ కింద పొలమంత ఊదా నీడ మావైపే వస్తోంది. అది లండన్ పన్నెండు దాటాక, మా ఊరి పన్నెండు కాకముందు, ఆ రెంటి నడుమ వచ్చింది.

ప్రావిడెన్సు ముందు దింపింది. గుంపు వాళ్ళ వలలో పడింది. నేను వాళ్ళ చుట్టూ తిరిగి నా వల బయటినుంచి దింపాను. నీళ్ళు మావని నా నమ్మకం. నమ్మినవాడు వెనక్కి తగ్గితే సరంగు కాడు. రెండు పడవలూ పక్కలు రాసుకున్నాయి. తెడ్లు లేచాయి. కేకల్లో ఒక కేక వేరుగా వినిపించింది. జోరీ చెయ్యి రెండు పడవల అంచుల మధ్య పడింది. కుడిచేతి రెండు వేళ్ళు నలిగి పోయాయి. తర్వాత వైద్యుడు తీసేశాడు. ఆ కేకతో అందరి చేతులూ ఆగిపోయాయి.

కట్టు ప్రకారం, తగవు తేలేదాకా ఎవరూ వల ముట్టకూడదు. గుంపు వలలో ప్రాణంతోనే ఉంటుంది. గాలి లేకపోతే వారమైనా ఉంటుంది. కానీ సాయంత్రానికి గాలి వాయవ్యానికి తిరుగుతోందని మాడెర్న్ అన్నాడు. రేపటికల్లా తేలకపోతే అలలు వలను రాళ్ళకు కొట్టి, ఆ చేపంతా కుళ్ళి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఇరవై నాలుగు ఇళ్ళ చలికాలం తిండి అది. అప్పటికి మాకు తెలియదు గాని, ఆ ఏడు మళ్ళీ గుంపు రాలేదు.

మర్నాడు పొద్దున్నే చేపలు ఉప్పేసే కొట్లో కూర్చున్నాం. రెండు జట్లూ, చుట్టూ ఆడవాళ్ళూ. ఉప్పు వాసనకు గొంతులు ఎండిపోయాయి. మాడెర్న్ తిరగేసిన పీపామీద కూర్చున్నాడు. నా మాట చెప్పాను. వంతు గంటమీద మారుతుంది, తాతల నాటి కట్టు, గంట కొట్టింది, ఇక మాట లేదు. హెండర్ తన మాట చెప్పాడు. గంట అన్నది సూర్యుడు వచ్చాడని చెప్పే మనిషిలాంటిది, ఆ మనిషిని మీరు లండన్‌కు జీతానికి పెట్టారు, అతను ఇక మా సూర్యుడి సంగతి చెప్పడం లేదు. పై ఊళ్ళో ఒక న్యాయస్థానంలో ఇలాంటి తగవే వస్తే ఊరి టైముకే కట్టబెట్టారని విన్నానన్నాడు.

“విన్నావా, చూశావా?” అని మావాడొకడు ఎగతాళి చేశాడు.

“నీ చెవుల్లో ఉప్పు కడుక్కుంటే నువ్వూ వినేవాడివి.”

మాడెర్న్ కర్ర నేలకేసి కొట్టాడు. “చాలు. నాకు ముసలితనం వచ్చింది గాని తెలివి పోలేదు. మీ ఇద్దరి మాటా నిజంలాగే ఉంది. గంట కొట్టినావిణ్ణి పిలవండి. దేనికి కొట్టిందో ఆమే చెప్పాలి.”

అక్క రాత్రంతా జోరీ పక్కన కూర్చున్న మనిషి. మొహం కడుక్కుని, తెల్ల టోపీ కట్టుకుని వచ్చింది. నేను ఆమెను చూసి లోపల ధైర్యంగానే ఉన్నాను. తన గంటను తనే కాదనదు కదా. పైగా నేను తోడబుట్టినవాణ్ణి.

“థామసిన్, నిన్న పన్నెండు నువ్వు సరిగ్గానే కొట్టించావా?” అని మాడెర్న్ అడిగాడు.

“సరిగ్గానే మావా. లండన్ పన్నెండు. సభ అడిగింది అదే.”

“మరి వంతు?”

“వంతును నేను కదపలేదు.”

కొట్లో గోల లేచింది. మాడెర్న్ మళ్ళీ కర్ర ఎత్తాడు. అక్క నావైపు తిరిగింది.

“తమ్ముడూ, మూడేళ్ళ కిందట గంట కొట్టే సుత్తి తీగ తెగింది గుర్తుందా? రెండు రోజులు గంట మోగలేదు. అది ఆగస్టులోనే. వంతు ఆగిందా?”

నేను టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాను.

“ఆగలేదు. నువ్వే పడవలో నిలబడి సూర్యుడు కొండబండ దాటడం చూసి తెడ్డు వేశావు. హెండర్ లేచి తప్పుకున్నాడు. గంట లేకపోయినా వంతు ఉంది. ఏమంటావు?”

“అవును” అన్నాను. అబద్ధమాడే అలవాటు మా ఇంట్లో లేదు.

“గంట వంతును చెప్పేది. మార్చేది కాదు. నిన్నటిదాకా ఒకే గంట రెండూ చెప్పింది, ఇప్పుడు ఒకటే చెబుతోంది. ఈ సంగతి సభలోనే నోరు విప్పి చెప్పాల్సింది. అందరికీ తెలుసనే అనుకున్నాను.”

అప్పుడు మా జట్టులోంచి ఒకడు లేచాడు. పేరు రాయను, అతని పిల్లలు బతికే ఉన్నారు. “అవునత్తా, నీ కొడుకు కూర్చున్నది ప్రావిడెన్సులో కదా! అందులో పడింది కాబట్టి సూర్యుడు గుర్తొచ్చాడు. మా పడవలో ఉంటే లండనే గుర్తొచ్చేది.”

మావాళ్ళలో కొందరు నేలచూపులు చూశారు. హెండర్ కూడా తల దించుకున్నాడు. ఆమె మాట చెల్లాలంటే ఆ మాటకు జవాబుండాలి. అయితే జోరీ నిజంగానే ఆ పడవలో ఉన్నాడు.

అక్క కొట్టు మధ్యకు వచ్చి నిలబడింది. తర్వాత నెమ్మదిగా అంది. “ఆ వలలోంచి నా ఇంటికి ఒక్క చేప కూడా రాదు. జోరీ వాటా వాడు తీసుకోడు. ఉప్పేసుకోవడానికి గాని, వండుకోవడానికి గాని ఒక్కటి కూడా వద్దు. ఇప్పుడు నా మాట వింటారా?”

గుమ్మంలో జోరీ నిలబడి ఉన్నాడు. చెయ్యి గుడ్డలో చుట్టి మెడకు కట్టుకున్నాడు, మొహం సుద్దలా ఉంది. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. ఆ చేత్తో ఆ చలికాలం ఇంకో పని చేయలేడు. అది కొట్లో అందరికీ తెలుసు.

“ఏరా, మీ అమ్మ మాట విన్నావా?” అని మాడెర్న్ అడిగాడు.

“విన్నాను తాతా. అమ్మ మాటే నా మాట.”

మాడెర్న్ పీపామీంచి లేచాడు. గంట లండన్‌ది, వంతు సూర్యుడిది, చేప ప్రావిడెన్సుది. అంతే అన్నాడు.

నేను లేచి బయటికి నడిచాను. రేవుకు దిగి, బయటి వలను నా చేత్తో నేనే ఎత్తాను. మావాళ్ళలో సగంమంది సాయం రాలేదు. గాలి నిజంగానే తిరిగింది. ప్రావిడెన్సువాళ్ళు మధ్యాహ్నం నుంచి బుట్టలతో తోడి, చీకటి పడేలోగా వలను ఖాళీ చేశారు. ఆ చేపను పడవలనుంచి కొట్లోకి మోసిన ఆడవాళ్ళలో అక్క కూడా ఉంది. మోసింది, వరసలు పేర్చింది, ఉప్పు జల్లింది. కూలి కూడా తీసుకోలేదు.

ఆ చలికాలం గట్టిది. మా ఇంట్లోనూ చేప లేదు, అక్క ఇంట్లోనూ లేదు. హెండర్ పెళ్ళాం ఒక పొద్దున్న గిన్నెమీద గుడ్డ కప్పి అక్క గుమ్మంలో పెట్టి వెళ్ళింది. అక్క దాన్ని అలాగే తిరిగి పంపించింది. బంగాళాదుంపలు, ముల్లంగి, పోటు తీసినప్పుడు రాళ్ళమీద గీకిన నత్తలు తిన్నారు. మావాళ్ళు కొందరు ఆమె ఎదురైతే పక్కసందులోకి తిరిగేవాళ్ళు. “మీ అక్క రెండు పన్నెండ్ల మనిషి” అని నా మొహంమీదే అన్నారు. నేనూ మళ్ళీ చేపలు దిగే ఆగస్టుదాకా ఆమె గుమ్మం తొక్కలేదు. ఆమె మాత్రం ఒక్కరోజు తప్పకుండా గోపురమెక్కింది. కిందినుంచి ఆ గుండ్లు పైకి లేచే గొలుసు చప్పుడు వినిపించేది. ఆకలి మీద ఉన్న మనిషి లాగుతున్న చప్పుడు అది. కొంచెం లాగి, ఆగి, మళ్ళీ లాగేది.

మార్చిలో కమ్మరివాడి దగ్గరికి వెళ్ళి ఇంకో పెద్దముల్లు చేయించింది. పాతముల్లు ఉన్న ఇరుసుకే, దానికి ఇరవైరెండు నిమిషాల వెనక, బిగించింది. ఇరుసు ఒకటే కాబట్టి రెండూ కలిసి తిరుగుతాయి, ఎడం ఎప్పటికీ మారదు. పాతది బంగారు రంగుది. కొత్తదానికి పడవలకు పూసే తారు పూసింది. బంగారు ముల్లు పన్నెండు మీదికి వచ్చినప్పుడు పెద్దగంట కొట్టేది, అది బండ్లకూ రైలుకూ బడికీ. నల్లముల్లు వచ్చినప్పుడు గోపురం కిటికీలోంచి ఆమె చేతిగంట ఊపేది, అది వంతుకు.

ఆ ఏడు సీజను మొదటిరోజు నీళ్ళు మాకు వచ్చే వంతు. నేను పడవలో నిలబడి గోపురంవైపు చూశాను. నల్లముల్లు నిలువయింది. చేతిగంట మోగింది. హెండర్ తెడ్లెత్తి తప్పుకున్నాడు, దాటిపోతూ టోపీ తీశాడు. నాకు కాదు, గోపురానికి. ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను.

“రా. టీ కాచాను. పంచదార లేదు” అంది.

“ఎప్పుడుంది గనక” అన్నాను. ఆ కప్పు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను.

ఆ తర్వాత పదిహేడేళ్ళు మా గడియారానికి మూడు ముళ్ళు. రైలు దిగి వచ్చిన పట్నంవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. మేము నవ్వనిచ్చేవాళ్ళం. ఆ పదిహేడేళ్ళలో వంతుమీద ఒక్క తగవు రాలేదు. రెండు వేళ్ళు లేని జోరీ, ప్రావిడెన్సుకే సరంగయ్యాడు. ఈ తీరంలో ఇంకెక్కడైనా ఇలాంటిది చూపించండి!

తర్వాత పార్లమెంటు చట్టం చేసింది. దేశమంతటికీ గ్రీనిచ్ టైమే టైము, చట్టంలో టైమన్న మాట ఎక్కడొచ్చినా అదే. గుడి పెద్దలు ఇక నల్లముల్లు తీసేయమన్నారు. అప్పటికి సభలో పెద్ద కుర్చీ నాది. ఆ కబురు అక్కకు నేనే తీసుకెళ్ళాను. అరవై ఏడేళ్ళ మనిషి, మరొకర్ని ఎక్కనివ్వలేదు. తనే ఎక్కి తనే విప్పింది. వెనక నేనూ ఎక్కాను, మెట్లమీద రెండుసార్లు ఆగాను. ఆమె ఆగలేదు.

ముల్లు చేతిలో పట్టుకుని అడిగింది. “వంతు ఏం చేస్తారట?”

“రేపు కూర్చుంటాం” అన్నాను.

మర్నాడు ఉప్పుకొట్లో రెండు జట్లూ కూర్చున్నాయి. మాడెర్న్ పోయి చాలా కాలమైంది, పీపామీద నేను కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళ కిందటి గోల మళ్ళీ లేస్తుందనే అనుకున్నాను. జోరీ లేచాడు.

“మావయ్యా, ఇందులో తగవేముంది? సూర్యుణ్ణి చట్టం కదపలేదు కదా. లండన్ పన్నెండు కొట్టాక ఇరవైరెండు నిమిషాలు ఆగుదాం. అప్పుడు మారదాం.”

చేతులన్నీ లేచాయి. లెక్కపెట్టే పని లేకపోయింది.

అక్క ఆ తర్వాత చలికాలం, ఫిబ్రవరిలో పోయింది. నల్లముల్లును జోరీ తనింట్లో పొయ్యి పైన గోడకు తగిలించుకున్నాడు. సమాధి చేసిన రోజు ఎండ కాసింది. అందరూ వెళ్ళాక నేను గోపురంలోకి వెళ్ళి నిలబడ్డాను. పెద్దగంట ఎప్పుడో పన్నెండు కొట్టింది. ఎండబిళ్ళ నేలమీద ఇంకా ఇత్తడి గీతకు ఇవతలే ఉంది. ఫిబ్రవరి కాబట్టి సూర్యుడు మరీ నింపాది. నిలబడే ఉన్నాను. అది పాక్కుంటూ వచ్చి గీతను తాకాక బయటికి వచ్చాను.

ఇప్పుడు చేపలు తగ్గాయి, పడవలూ పాతబడ్డాయి. అయినా ఆగస్టులో మా రేవుకు ఎవరైనా వచ్చి చూడవచ్చు. పన్నెండు కొడుతుంది, ఏ పడవా కదలదు. మావాళ్ళు మాంసం, దుంపలు కూరిన పేస్టీలు తింటారు, పైపులు తాగుతారు. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పకుండా, పన్నెండూ ఇరవైరెండుకు, నీళ్ళలో ఉన్న పడవ లేచి తప్పుకుంటుంది. అది ఎందుకని కొత్త కుర్రకారును అడిగితే ఇక్కడ అంతే అంటారు. అంతే కాదు. అది థామసిన్ నాన్‌కెర్విస్.